పది రోజుల్లో కడితే రెండు శాతం

‘అయ్యా, తమ ఆర్డరు ప్రకారం పీవీసీ పైపులు 06-11-2025 తేదీ బిల్లుపై లారీ ట్రాన్స్‌పోర్టు ద్వారా పంపించాము. సరుకు విలువ రూ.2,00,000, జీఎస్టీ రూ.36,000, వెరసి రూ.2,36,000. గడువు 30 రోజులు. పది రోజుల్లోగా చెల్లించినచో 2 శాతం క్యాష్ డిస్కౌంట్ ఇవ్వగలమని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. ఈ సదవకాశమును వినియోగించుకోగలరు.’

జీడిమెట్లలోని ఒక చిన్న పైపుల ఫ్యాక్టరీ నుంచి తాడేపల్లిగూడెంలోని ఒక హార్డ్‌వేర్ షాపుకు వచ్చిన ఉత్తరం ఇది అనుకుందాం. షాపూ ఫ్యాక్టరీ కల్పితమే గానీ, ఉత్తరం మాత్రం బట్టల దుకాణం నుంచి మందుల షాపు దాకా సరుకు అరువు మీద తెచ్చుకునే ప్రతివారికీ పరిచయమే. వ్యాపారంలో దీన్ని ‘సీడీ’ అంటారు. అమెరికాలో అయితే ఉత్తరం కూడా అక్కర్లేదు, బిల్లు మీదే ‘2/10, నెట్ 30’ అని రాసేస్తారు. పది రోజుల్లో కడితే రెండు శాతం తగ్గింపు, లేదంటే ముప్పయ్యో రోజుకు పూర్తి మొత్తం అని దాని అర్థం.

ఉత్తరం చదివిన షాపు యజమాని సాధారణంగా ఏం చేస్తాడు? ‘రెండు శాతమేగా’ అనుకుని బిల్లుతో పాటు దాన్నీ తీగకు గుచ్చేస్తాడు. ముప్పై రోజులు గడువుండగా పదో రోజునే డబ్బు ఎందుకు వదులుకోవాలన్నది ఆయన లెక్క. ఆ లెక్కలో ఎక్కడ తేడా ఉందో తెలియాలంటే ఈ రెండు శాతాన్ని మనకు అలవాటైన వడ్డీ భాషలోకి మార్చి చూడాలి.

వంద రూపాయల సరుకుకు పదో రోజున కడితే 98 సరిపోతాయి. ముప్పయ్యో రోజున కడితే వంద. అంటే ఆ 98 రూపాయలను మరో ఇరవై రోజులు తన దగ్గరే ఉంచుకున్నందుకు షాపు యజమాని రెండు రూపాయలు ఇచ్చుకుంటున్నాడు. ఇరవై రోజులకు రెండైతే నెలకు మూడు. అదీ వంద మీద కాదు, 98 మీద. కాబట్టి నూటికి మూడు రూపాయల ఆరు పైసల వడ్డీ. ఏడాదికి లెక్కేస్తే 37 శాతం పైమాటే. ఊళ్లో ఎవరైనా మూడు రూపాయల వడ్డీకి అప్పిస్తానంటే ‘అమ్మో’ అని దండం పెట్టే మనిషే, తీగకు గుచ్చిన ఈ కాగితం దగ్గర అదే రేటుకు అప్పు తీసుకుంటున్నాడు. కాగితం మీద వడ్డీ అన్న మాట లేదు కాబట్టి ఆయన కంటికి ఆనలేదు.

అయితే పైపుల బిల్లుకు ఈ లెక్క యథాతథంగా సరిపోదు, కారణం జీఎస్టీ. డిస్కౌంటు రెండు శాతం సరే, దేని మీద? చాలామంది సప్లయర్లు సరుకు విలువ మీదే ఇస్తారు. అప్పుడు తగ్గేది 4,000. కానీ పదో రోజున కట్టాల్సింది పన్నుతో కలిపి 2,32,000. అంటే 2,32,000 రూపాయలను ఇరవై రోజులు ముందు కడితే 4,000 మిగులుతున్నాయి. నెలకు నూటికి దాదాపు రెండు రూపాయల అరవై పైసలు. మూడు రూపాయల నుంచి కాస్త దిగింది గానీ, ఇప్పటికీ పెద్ద వడ్డీయే.

షాపుకు బ్యాంకులో ఓడీ ఉందనుకుందాం, రేటు ఏడాదికి 12 శాతం, అంటే రూపాయి వడ్డీ. పదో రోజున చేతిలో డబ్బు లేకపోతే ఓడీలోంచి 2,32,000 తీసి కట్టేయొచ్చు. ఇరవై రోజులకు బ్యాంకు వడ్డీ సుమారు 1,525 రూపాయలు. మిగిలిన డిస్కౌంటు 4,000. బ్యాంకు వడ్డీ పోగా ఒక్క బిల్లు మీద 2,475 రూపాయలు లాభం. నెలకు ఇలాంటి బిల్లులు రెండు వచ్చే షాపుకు ఏడాదిలో 59 వేల పైచిలుకు. అప్పు చేసి ముందుగా కట్టడం తెలివితక్కువతనంలా కనిపిస్తుంది గానీ, రూపాయి వడ్డీకి తెచ్చి రెండు రూపాయల అరవై పైసల వడ్డీని వదిలించుకోవడం అది. ఓడీ పరిమితి అప్పటికే నిండిపోయి ఉంటే, బయట మూడు రూపాయలకు తెచ్చి మరీ ఈ డిస్కౌంటు పట్టుకోవడంలో మాత్రం అర్థం లేదు.

అసలు కట్టేది ఎప్పుడు?

ఇంతవరకూ చెప్పిన లెక్కంతా ఒక్క ఊహ మీద నిలబడి ఉంది. డిస్కౌంటు వద్దనుకున్న షాపు కచ్చితంగా ముప్పయ్యో రోజున కడుతుందన్న ఊహ అది. మన బజార్ల సంగతి తెలిసినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. బిల్లు మీద 30 రోజులని ఉంటుంది. కలెక్షన్ మనిషి నలభయ్యో రోజున వస్తాడు, ‘వచ్చే మంగళవారం రా’ అంటారు. ఆ మంగళవారం నాటికి సగం ఇస్తారు. మొత్తం తీరేసరికి 75 రోజులవుతుంది.

అలాంటి షాపుకు ఈ ఉత్తరం విలువ మారిపోతుంది. 4,000 మిగలడానికి ఆయన డబ్బును ముందుకు జరుపుకోవాల్సింది ఇరవై రోజులు కాదు, 65 రోజులు. అప్పుడు లెక్క నూటికి నెలకు ఎనభై పైసలకు పడిపోతుంది. బ్యాంకు రూపాయి కంటే అది తక్కువ. కాబట్టి ఆలస్యానికి ఏ శిక్షా లేని చోట, 75 రోజులకు కట్టే షాపు డిస్కౌంటును వదిలేయడం కేవలం డబ్బు లెక్కలో తప్పేమీ కాదు. ఉత్తరం విలువను తేల్చేది రెండు శాతం కాదు, రెండో తేదీ. ఆ రెండో తేదీకి ఎంత పట్టుంటే డిస్కౌంటుకు అంత బలం.

ఆ పట్టు చట్టంలో ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ సంస్థకు కొనుగోలుదారు ఒప్పుకున్న గడువులో కట్టాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోనూ 45 రోజులు దాటకూడదు. రాతపూర్వకంగా ఏ గడువూ లేకపోతే పదిహేను రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. దీనికి తోడు ఆదాయపు పన్ను చట్టంలో తెచ్చిన మార్పు 2023–24 లెక్కల నుంచి అమలైంది. గడువు దాటిపోయి మార్చి 31 నాటికి ఇంకా బాకీ ఉన్న ఇలాంటి బిల్లు మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చు కింద చూపడానికి వీల్లేదు, కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఈ నిబంధన వచ్చాక మార్చి నెలలో పాత బాకీలకు ఒక్కసారిగా కదలిక వచ్చిందని ఆడిటర్లు చెప్పుకున్నారు.

చక్రవడ్డీ కోసం సొంత పార్టీ మీద ఫిర్యాదు చేసే చిన్న తయారీదారులు అరుదు. వచ్చే నెల ఆర్డరు కూడా ఆ షాపు నుంచే రావాలి కదా. అందుకే చట్టం చేతిలో ఉన్నా, కర్ర ఎత్తకుండా బెల్లం ముక్క చూపిస్తాడు. ఆ బెల్లం ముక్కే ఈ ఉత్తరం.

ఇచ్చేవాడికి ఏం మిగులుతుంది?

ఫ్యాక్టరీ వైపు నుంచి చూద్దాం. దానికీ బ్యాంకులో సీసీ అకౌంట్ ఉంది, అదే 12 శాతం. తాడేపల్లిగూడెం నుంచి 2,32,000 ఇరవై రోజులు ముందు వస్తే బ్యాంకు వడ్డీ 1,525 ఆదా. దానికోసం 4,000 ఇచ్చేస్తున్నాడు. ముప్పై రోజులకు ఠంచనుగా కట్టే పార్టీకి ఈ ఉత్తరం రాస్తే ఫ్యాక్టరీకి నికరంగా నష్టమే. రోజుకు బ్యాంకు వడ్డీ 76 రూపాయల చొప్పున లెక్కేస్తే, డబ్బు కనీసం 53 రోజులు ముందుకు వస్తే గానీ 4,000 గిట్టుబాటు కాదు. అంటే మామూలుగా రెండు నెలలు దాటాక కట్టే పార్టీని పదో రోజుకు తేగలిగితేనే సప్లయర్‌కు లాభం.

చిక్కంతా అక్కడే ఉంది. అందరికీ ఒకే ఉత్తరం పంపితే ముందుగా స్పందించేది ఎవరు? పన్నెండో రోజునో పదిహేనో రోజునో ఎలాగూ కట్టేసే మంచి పార్టీలు. వాళ్లు రెండు రోజులు ముందు కట్టి రెండు శాతం పట్టుకుపోతారు. డబ్బు లేక ఆలస్యం చేసేవాడికి డిస్కౌంటు ఊరిస్తుంది గానీ, జేబులో డబ్బు పుట్టించదు. ఆయన ఎప్పటిలాగే 75వ రోజున కడతాడు. మూడు నెలలు పోయాక ఫ్యాక్టరీ యజమాని లెడ్జరు తీసి చూసుకుంటే డిస్కౌంటు ఖర్చు పెరిగి ఉంటుంది, వసూళ్ల సగటు రోజులు పెద్దగా తగ్గి ఉండవు. పైపుల మీద సరుకు విలువలో ఎనిమిది శాతం మార్జిను ఉందనుకుంటే ఈ బిల్లులో లాభం 16,000. అందులో నాలుగో వంతు ఉత్తరానికే పోయింది.

కాబట్టి పంపేముందు ఒక పని చేయాలి. గత ఆరు నెలల్లో ఒక్కో పార్టీ బిల్లు తేదీ నుంచి ఎన్ని రోజులకు కట్టిందో లెడ్జరులోంచి తీసి రాసుకోవాలి. ఇరవై రోజుల్లోపు కట్టేవారికి ఈ ఉత్తరం అక్కర్లేదు. రెండు నెలలు దాటాక తొంభై రోజుల్లోపు కడుతూ, బ్యాంకులో కాస్త పరపతి ఉన్న పార్టీలే దీనికి తగినవాళ్లు. తొంభై రోజులు దాటినవాళ్లకు డిస్కౌంటు కాదు, సరుకు ఆపడమే మందు. అయితే ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఇవ్వకపోతే బజార్లో ఆ మాట దాగదు. ‘మాకెందుకు లేదు?’ అని మంచి పార్టీ అడిగిన రోజున జవాబు సిద్ధంగా ఉండాలి. దీనికి కొందరు ఎంచుకునే దారి మెట్ల పద్ధతి. వారంలో కడితే రెండు శాతం, పదిహేను రోజుల్లో ఒకటి, ఆపైన ఏమీ లేదు. చెప్పడం తేలికే, అమలు చేయడంలో లెక్కలు రాసేవాడి ప్రాణానికొస్తుంది.

పది రోజులంటే ఎన్ని రోజులు?

మొదట్లో చూపిన ఉత్తరాన్ని మళ్లీ చదివితే అందులో తగవులకు కావాల్సినంత చోటు కనిపిస్తుంది. పది రోజులు ఎప్పటి నుంచి? బిల్లు తేదీ నవంబరు 6. లారీ ఆఫీసులో సరుకు పడి, తాడేపల్లిగూడెం చేరి, షాపువాళ్లు విడిపించుకునేసరికి 10వ తేదీ అయిందనుకుందాం. షాపు లెక్కలో పదో రోజు 20న. ఫ్యాక్టరీ లెక్కలో 16వ తేదీతో సరి. పైగా 2025 నవంబరు 16 ఆదివారం. ‘బ్యాంకు సెలవు కదండీ, సోమవారం వేశాను’ అంటాడు షాపాయన. ఒకప్పుడు ఆ మాటకు అర్థం ఉండేది. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, రెండు లక్షలు దాటిన మొత్తాలకు వాడే ఆర్టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి ఆదివారాల్లోనూ, అర్ధరాత్రి కూడా నడుస్తున్నాయి. చెక్కు అయితే మరో చిక్కు. చెక్కు మీది తేదీ లెక్కా, కొరియర్‌లో అందిన రోజా, ఖాతాలో జమైన రోజా? ఉత్తరం చెప్పలేదు కాబట్టి ఎవరికి అనుకూలమైనది వారు చెప్పుకుంటారు.

పాత బాకీ ఉంటే ఇంకా తిరకాసు. షాపు సెప్టెంబరు బిల్లు తాలూకు లక్ష బాకీ ఉంది, నవంబరు 15న 2,32,000 పంపింది. ఫ్యాక్టరీలో లెక్కలు రాసే అబ్బాయి అలవాటు ప్రకారం ముందు పాత బాకీకి జమ చేసి, మిగతాది కొత్త బిల్లుకు వేస్తాడు. కొత్త బిల్లు పూర్తిగా తీరలేదు కాబట్టి డిస్కౌంటు లేదంటాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో దీనికి సూటి జవాబుంది. ఏ బాకీ కింద కడుతున్నాడో కట్టేవాడు చెబితే, సొమ్ము పుచ్చుకున్నవాడు దానికే జమ చేయాలి. చెప్పకపోతేనే పుచ్చుకున్నవాడి ఇష్టం. అందుకే ఆర్టీజీఎస్ చేసేటప్పుడు వివరాల్లో బిల్లు నంబరు వేయడం, ఆ వెంటనే ‘ఈ బిల్లు కింద సీడీ పోను పూర్తి చెల్లింపు’ అని ఒక మెసేజ్ పెట్టడం షాపువైపు తప్పనిసరి. సప్లయర్ తెలివైనవాడైతే, పాత బాకీ ఉన్నవారికి డిస్కౌంటు వర్తించదని ఉత్తరంలోనే రాసుకుంటాడు. అప్పుడు వాదనే ఉండదు.

ఇవన్నీ పూరించి ఉత్తరం తిరగరాస్తే ఇలా వస్తుంది: ‘బిల్లు తేదీ నుంచి పది రోజుల్లోగా, అనగా 16-11-2025 రాత్రి 12 గంటల్లోపు బిల్లు మొత్తం మా ఖాతాకు జమ అయితే, పన్ను కలపని సరుకు విలువపై 2 శాతం, అనగా రూ.4,000 మినహాయించుకొని రూ.2,32,000 చెల్లించవచ్చు. పాత బాకీలు లేనివారికే ఇది వర్తిస్తుంది. గడువు దాటాక మినహాయించిన మొత్తం బాకీగానే ఉంటుంది. డిస్కౌంటుకు క్రెడిట్ నోట్ వారంలోగా పంపుతాము.’ సంతోషిస్తున్నాము, సదవకాశము వంటి మాటలు పోయాయి, వాటి చోట ఒక తేదీ, రెండు అంకెలు వచ్చాయి. శాతం చెప్పి లెక్క పార్టీకే వదిలేయడం కంటే కట్టాల్సిన మొత్తాన్ని రూపాయల్లో రాయడం ఎప్పుడూ మేలు. పాత ఉత్తరం చదివిన షాపాయన పన్నుతో కలిపిన మొత్తం మీద రెండు శాతం వేసుకుని 4,720 కోసుకుంటాడు, 720 తేడా దగ్గర ఫోన్లు మొదలవుతాయి.

సీడీ వ్యవహారంలో సప్లయర్లను అన్నిటికంటే విసిగించేది పదమూడో రోజు చెల్లింపు. గడువు దాటి మూడు రోజులయ్యాక కూడా షాపు 4,000 కోసుకునే పంపుతుంది. అడిగితే ‘మూడు రోజులకేనా?’ అంటుంది. మొదటిసారి ఊరుకుంటే రెండోసారి ఇరవయ్యో రోజున కూడా కోసుకుంటుంది. పుచ్చుకున్న తక్కువ మొత్తాన్ని పూర్తి బాకీ కింద ఒప్పుకుంటే మిగతాది అడిగే హక్కు పోతుందని అదే కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఆ వారంలోనే ‘రూ.4,000 బాకీ ఉంది, తదుపరి చెల్లింపులో కలపగలరు’ అని రాసి పెట్టుకోవాలి. మంచి పార్టీ అని ఒకసారి వదిలేయదలిస్తే, అది కూడా రాసే వదలాలి, ఈ ఒక్క బిల్లుకే అని.

ఇక పన్ను లెక్క. డిస్కౌంటుకు సప్లయర్ రెండు రకాల క్రెడిట్ నోట్లలో ఏదో ఒకటి ఇవ్వొచ్చు. జీఎస్టీ క్రెడిట్ నోట్ అయితే 4,000తో పాటు దాని మీది పన్ను 720 కూడా తగ్గుతుంది. షాపు 2,31,280 కడితే చాలు, కానీ తాను వాడుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో 720 వెనక్కి ఇవ్వాలి. కమర్షియల్ క్రెడిట్ నోట్ అయితే తగ్గేది 4,000 మాత్రమే, పన్ను ఎక్కడిదక్కడే, షాపు క్రెడిట్ వెనక్కి ఇవ్వనక్కర్లేదు. 2025 సెప్టెంబరు సర్క్యులర్‌లో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు ఈ సంగతిని స్పష్టం చేసింది. ఎటు చూసినా షాపుకు నికరంగా మిగిలేది 4,000. తేడా వచ్చేది కాగితం పనిలో. చిన్న మొత్తాలకు కమర్షియల్ నోటే నయమని నా అభిప్రాయం, ఎవరి రిటర్నులూ కదపనక్కర్లేదు.

పన్ను కూడా తగ్గించుకోవాలనుకునే సప్లయర్‌కు మాత్రం ఉత్తరం తేదీ ముఖ్యం. సరుకు పంపాక ఇచ్చే డిస్కౌంటు మీద పన్ను తగ్గాలంటే, ఆ డిస్కౌంటు సరుకు పంపకముందే ఒప్పందంలో ఉండాలని, బిల్లుకు ముడిపడి ఉండాలని 2017 నాటి జీఎస్టీ చట్టం షరతు పెట్టింది. సరుకు వెళ్లిపోయాక వసూళ్ల కోసం రాసిన ఉత్తరం ఆ షరతుకు నిలవదు. ఈ ముందస్తు ఒప్పందం షరతును తొలగించాలని జీఎస్టీ మండలి 2025 సెప్టెంబరులో జరిగిన 56వ సమావేశంలో సిఫారసు చేసింది. మీ బిల్లు తేదీకి ఏ నిబంధన వర్తిస్తుందో ఆడిటర్‌ను అడిగి ముందుకెళ్లండి. ఒకటి మాత్రం వాయిదా వేయకండి. నవంబరు 6 నాటి ఈ బిల్లుకు పన్ను తగ్గించే క్రెడిట్ నోట్‌ను 2026 నవంబరు 30లోగా, అంతకుముందే వార్షిక రిటర్ను వేస్తే ఆ తేదీలోగా, రిటర్నులో చూపాలి. ఆ తర్వాత డిస్కౌంటు ఇవ్వొచ్చు గానీ, దాని మీది 720 మాత్రం తిరిగి రాదు.